అలుక్కుపోయిన మార్కుల రిజిస్టర్‌ని టేబుల్‌లోకి ఎక్కించడం ఎలా: ఒక టీచరమ్మ చేసిన పని, మెట్టు మెట్టుగా

పాత మార్కుల రిజిస్టర్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు అసలు కష్టం టైపింగ్‌లో ఉండదు. తడిసి, సిరా పాకి, నలభై ఒకటో నలభై ఏడో తెలియని గడులు పేజీకి నాలుగైదు వస్తాయి చూడండి, అక్కడే పని ఆగిపోతుంది. చాలామంది అక్కడ కాసేపు కళ్లు చికిలించి చూసి, ఏదో ఒకటి కొట్టేసి ముందుకు వెళ్లిపోతారు. ఒకసారి 41 అని కొట్టేశాక అది ఊహ అని ఎవరికీ తెలియదు, కొట్టినవాళ్లకే వారం తర్వాత గుర్తుండదు. కాబట్టి ఈ మార్గదర్శి మొత్తం ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది: కంటికి కనిపించింది వేరు, మనం తేల్చింది వేరు, రెండూ ఒకే గడిలో కలవకూడదు.

ఉదాహరణకి ఒక పల్లెటూరి బడిలో టీచరమ్మ చేసిన పేజీనే తీసుకుంటున్నాను. ఒక తరగతి, 32 మంది పిల్లలు, ఐదు సబ్జెక్టులు: తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్, సోషల్. ఒక్కో దానికి 50 మార్కులు. ప్రతి పేరుకీ చివర్లో అడ్డంగా కూడిన మొత్తం ఉంది, పేజీ అడుగున ఒక్కో సబ్జెక్టుకీ నిలువుగా కూడిన మొత్తం ఉంది. బీరువాలోకి నీళ్లు దిగి పేజీ మధ్యలో మరకలు పడ్డాయి. ఆ రెండు మొత్తాలే ఆవిడకి దొరికిన ఆయుధాలు, మీ రిజిస్టర్‌లో కూడా మొదట అవి ఉన్నాయో లేదో చూసుకోండి.

1. టేబుల్ ఇలా వేసుకోండి

A లో పేజీ నంబరు, B లో రోల్ నంబరు, C లో పేరు, D నుంచి H వరకు ఐదు సబ్జెక్టులు. I లో రిజిస్టర్‌లో రాసి ఉన్న మొత్తం, ఉన్నది ఉన్నట్టు. J లో కంప్యూటర్ కూడిన మొత్తం. K లో ఆ రెండిటికీ తేడా. L లో ఆ వరుసలో ఎన్ని గడులు అలుక్కుపోయాయో లెక్క. M నోట్ కోసం, దాన్ని వెడల్పుగా పెట్టుకోండి, అందులో చాలా రాయాల్సి వస్తుంది. పేర్లు ఐదో వరుస నుంచి మొదలైతే సూత్రాలు ఇవి:

```
J5: =SUM(D5:H5)
K5: =I5-J5
L5: =COUNTIF(D5:H5,"*~?*")
```

రిజిస్టర్‌లో మొత్తం ఉంది కదా, మళ్లీ కూడటం ఎందుకు అని I కాలమ్‌ని వదిలేసేవాళ్లున్నారు. వదలొద్దు. పాత టీచర్ కూడిక తప్పినా సరే ఆ అంకె ఒక సాక్ష్యమే.

అలుక్కుపోయిన గడిలో ఏం కొట్టాలి? మొదటి అంకె 4 స్పష్టంగా ఉండి రెండోది తెలియకపోతే `4?` అని కొట్టండి. రెండూ తెలియకపోతే `??`. బడికి రాని పిల్లవాడికి `AB`. రిజిస్టర్‌లోనే ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసి ఉంటే ఖాళీగానే వదలండి, సున్నా మాత్రం వేయకండి. సున్నా అంటే పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నట్టు, సగటు తీసినప్పుడు అది అందరినీ కిందికి లాగుతుంది.

`4?` అనేది కంప్యూటర్‌కి అంకె కాదు, అక్షరాల కింద లెక్క, అందుకని SUM దాన్ని పట్టించుకోకుండా మిగతావి కూడుతుంది. అంటే వరుసలో ఒక్క గడి మాత్రమే అలుక్కుపోతే, K లో కనిపించే తేడా నేరుగా ఆ పోయిన మార్కే అవుతుంది. దీనికోసమే SUM వాడాలి. `=D5+E5+F5+G5+H5` అని రాస్తే అక్షరాలు తగలగానే `#VALUE!` అని ఆగిపోతుంది.

L లో ఆ `~` ఎందుకంటే, ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో ప్రశ్నార్థకానికి 'ఏదైనా ఒక అక్షరం' అనే అర్థం ఉంది. అది లేకుండా `"*?*"` అని రాస్తే `AB` గడుల్ని కూడా లెక్కపెట్టేస్తుంది. వెతికి మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త, ఎక్సెల్‌లో ఉత్త `?` వెతికితే షీట్‌లో నిండుగా ఉన్న ప్రతి గడినీ చూపిస్తుంది.

ఇంకొకటి, రిజిస్టర్‌లో 12/25 అని రాసి ఉంటే అలాగే కొట్టకండి, షీట్ దాన్ని తేదీగా మార్చేసే ప్రమాదం ఉంది. 12 మాత్రం కొట్టి, ఎన్నింటికో పై వరుసలో ఒకసారి రాయండి.

2. కొట్టేముందు సిరాని చూడండి

రిజిస్టర్ మీద పెన్ను పెట్టకూడదు, వేలితో రుద్దకూడదు, తడి గుడ్డ అసలే వద్దు. ఫోటో తీసుకుని దాని మీద చూసుకోండి.

టీచరమ్మ మొదట చేసింది దీపాన్ని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు కాగితానికి సమాంతరంగా పెట్టడం. బాల్‌పెన్‌తో రాస్తే కాగితం మీద గాడి పడుతుంది, సిరా పోయినా గాడి ఉంటుంది, పక్క వెలుగులో దాని నీడ కనిపిస్తుంది. పేజీ తిప్పి వెనక వైపు చూస్తే అదే గాడి ఉబ్బెత్తుగా ఉంటుంది, అక్కడ ఒక్కోసారి ఇంకా బాగా తెలుస్తుంది, కాకపోతే అంకె తిరగబడి ఉంటుంది. ఇంకు పెన్నుతో రాసినవాటికి గాడి అంతగా పడదు. వాటికి ఎదుటి పేజీ చూడండి. తడిగా ఉండగా రిజిస్టర్ మూసి ఉంటే, ఆ సిరా ఎదురుగా ఉన్న పేజీ మీద అద్దంలో చూసినట్టు అచ్చు పడి ఉంటుంది. ఫోటో తీసి అడ్డంగా తిప్పితే అంకె చదవొచ్చు. వెలిసిపోయిన నీలం సిరా అయితే ఫోటోలో ఎరుపు చానల్, అంటే ఎరుపు వెలుగు పాలు, ఒక్కటే విడదీసి చూడండి, నీలం సిరా ఎరుపు వెలుగుని మింగేస్తుంది కాబట్టి అందులో ముదురుగా కనిపిస్తుంది.

తర్వాత చేతిరాత. ఆ రిజిస్టర్‌లో ఒక్కో సబ్జెక్టు మార్కులు ఆ సబ్జెక్టు టీచరే రాసుకున్నారు, అంటే నిలువు వరుస మొత్తం ఒకే చేతిరాత. కాబట్టి లెక్కల కాలమ్‌లో అనుమానం వస్తే పక్కనున్న సైన్స్ అంకెలతో పోల్చి లాభం లేదు, అదే కాలమ్‌లో స్పష్టంగా ఉన్న 1లు, 7లు, 3లు, 8లు ఫోటోలో కత్తిరించి పక్కపక్కన పెట్టుకుని వాటితో పోల్చాలి. ఆ లెక్కల టీచర్ 7కి నడుమున చిన్న గీత పెట్టేవారు, 1కి పెట్టేవారు కాదు. ఈ ఒక్క సంగతి తెలియడంతో సగం తలనొప్పి పోయింది.

ఇంత చూసినా తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. పేజీ మొత్తం టైప్ అయ్యేవరకు ఏ ఒక్క గడి దగ్గరా కూర్చోవద్దు, ఎందుకంటే తేల్చడానికి కావాల్సిన నిలువు మొత్తం పేజీ పూర్తయితేనే పనికొస్తుంది.

3. షీట్‌ని రెండు చేయండి

పేజీ పూర్తవగానే ఆ షీట్‌కి ఒక నకలు తీసుకోండి. మొదటి దానికి 'చూసింది' అని, రెండో దానికి 'తేల్చింది' అని పేరు పెట్టండి. ఇక 'చూసింది' షీట్‌ని ముట్టుకోవద్దు, టైపింగ్ తప్పు దిద్దడానికి తప్ప. ఇకనుంచి చెప్పేదంతా రెండో షీట్‌లో, తేల్చిన ప్రతి గడికీ ఒక రంగు వేసి, M లో కారణం రాస్తూ.

4. వరుసలో ఒక్కటే పోతే

రోల్ నంబర్ 14. తెలుగు 38, ఇంగ్లీష్ 29, లెక్కలు `4?`, సైన్స్ 33, సోషల్ 36, రిజిస్టర్ మొత్తం 183. ఉన్న నాలుగూ కూడితే 136. K లో 47 కనిపించింది.

ఇక్కడితో అయిపోయిందని అనుకోకండి. 47 అనేది కూడిక చెప్పిన మాట, దాన్ని సిరా ఒప్పుకోవాలి. మొదటి అంకె 4 సరిపోయింది, రెండోదాని నడుమున గీత ఛాయ ఉంది, అది 7కే ఉంటుంది. రెండు సాక్ష్యాలూ కలిశాయి కాబట్టి 47 వేసి, నోట్‌లో 'అడ్డ మొత్తం ద్వారా, 7 ఆకారం సరిపోయింది' అని రాశారు. ఒకవేళ K లో 44 వచ్చి ఉంటే? మరకలో ఉన్నది 1 గానీ 7 గానీ తప్ప 4 అయ్యే అవకాశమే లేదు, అంటే ఆ వరుసలో ఇంకేదో తప్పు ఉన్నట్టు. అప్పుడు 44 వేయకూడదు, గడిని అలాగే ఉంచి మిగతా నాలుగు మార్కులూ మళ్లీ చూడాలి.

5. వరుసలో రెండు పోతే

రోల్ నంబర్ 17. తెలుగు 35, ఇంగ్లీష్ 28, సోషల్ 31, లెక్కలు `3?`, సైన్స్ `2?`, మొత్తం 158. ఉన్నవి కూడితే 94, మిగిలింది 64. అందులో పదులు 30, 20 కలిపి 50 పోతే, చివరి రెండు అంకెలూ కలిసి 14 కావాలి. 5, 9 కావచ్చు, 6, 8 కావచ్చు, 7, 7 కావచ్చు, తిరగేసి కూడా కావచ్చు. అడ్డ మొత్తం ఇక్కడికే పనిచేస్తుంది.

ఇప్పుడు నిలువుగా రండి. సైన్స్ కాలమ్‌లో ఇది తప్ప మిగతావన్నీ స్పష్టంగా ఉన్నాయి, వాటి మొత్తం 984. పేజీ అడుగున సైన్స్ మొత్తం 1012 అని ఉంది. తేడా 28, కాబట్టి సైన్స్ 28, లెక్కలు 36. ఆ 36ని లెక్కల నిలువు మొత్తంతో కూడా సరిచూశాకే రంగు వేశారు.

మీ రిజిస్టర్‌లో నిలువు మొత్తం లేకుండా తరగతి సగటు మాత్రమే రాసి ఉండొచ్చు. అది కూడా పనికొస్తుంది గానీ పూర్తిగా కాదు. సైన్స్ సగటు 31.6 అని ఉంటే, 32 మందికి మొత్తం కచ్చితంగా ఎంతో చెప్పలేం, ఎందుకంటే దశాంశం ఒక్క అంకెకి సవరించి ఉంటుంది. 1010, 1011, 1012 మూడింటికీ సగటు 31.6 అనే వస్తుంది. అంటే సైన్స్ మార్కు 26, 27, 28లో ఏదైనా కావచ్చు, దానికి తగ్గట్టు లెక్కలు 38, 37, 36. మూడు జతలు మిగులుతాయి, అక్కడ మళ్లీ సిరానే అడగాలి. సగటు వాడేటప్పుడు రాని పిల్లల్ని కలిపి భాగించారా, తీసేసి భాగించారా అనేది స్పష్టంగా ఉన్న ఇంకో కాలమ్ మీద ముందు సరిచూసుకోండి.

6. మరక నాలుగు గడుల మీద పడితే

నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా ఆసక్తికరమైన చోటు ఇదే. రోల్ నంబర్లు 25, 26 కిందా పైనా ఉన్నాయి, నీటి బొట్టు ఇద్దరి ఇంగ్లీష్, లెక్కల గడుల మీద పడింది. నాలుగు గడులు పోయాయి. చేతిలో ఉన్న లెక్కలు ఇవి: 25వ వరుసలో ఆ రెండూ కలిసి 61, 26వ వరుసలో 53, ఇంగ్లీష్ కాలమ్‌లో ఆ ఇద్దరిదీ కలిసి 58, లెక్కల కాలమ్‌లో 56.

నాలుగు తెలియనివి, నాలుగు మొత్తాలు, తేలిపోతుంది కదా అనిపిస్తుంది. తేలదు. 61, 53 కలిపితే 114, 58, 56 కలిపినా 114. మొదటి మూడు మొత్తాలు తెలిస్తే నాలుగోది దానంతట అదే వస్తుంది, కొత్తగా ఏమీ చెప్పదు. ఒక గడిలో ఒకటి పెంచి పక్కదాంట్లో ఒకటి తగ్గించి, కింది వరుసలో దానికి ఎదురు చేస్తే అన్ని మొత్తాలూ అలాగే ఉంటాయి.

కాబట్టి టీచరమ్మ 25 ఇంగ్లీష్ ఎంత కావచ్చో హద్దులు కట్టుకుంటూ వెళ్లారు. నాలుగు గడుల్లోనూ పదుల స్థానం లీలగా కనిపిస్తోంది: 25కి ఇంగ్లీష్ `3?`, లెక్కలు `2?`, 26కి ఇంగ్లీష్ `2?`, లెక్కలు `3?`. 25 ఇంగ్లీష్ 30 నుంచి 39 లోపు. దాని పక్కన లెక్కలు ఇరవైల్లో ఉండాలంటే ఇంగ్లీష్ 32కి తగ్గకూడదు. 26 ఇంగ్లీష్ ఇరవైల్లో ఉండాలంటే ఇది 38 దాటకూడదు. 26 లెక్కలు ముప్పైల్లో ఉండాలంటే ఇది 35కి తగ్గకూడదు. మిగిలినవి 35, 36, 37, 38. నాలుగే.

అక్కడ ఆగి నోట్‌లో '35 నుంచి 38 వరకు, ఈ నాలుగు గడులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి' అని రాసి బయటి ఆధారం కోసం వెతికారు. 26 రోల్ నంబర్ పిల్లవాడి ఇంట్లో ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డు దాచి ఉంచారు, అందులో ఇంగ్లీష్ 22. అంతే, 25 ఇంగ్లీష్ 36, 25 లెక్కలు 25, 26 లెక్కలు 31, నాలుగూ ఒక్కసారి తేలిపోయాయి. కార్డులో లెక్కలు కూడా 31 అనే ఉంది కాబట్టి అనుమానం మిగల్లేదు. ఇలాంటి మరక ఉన్నప్పుడు ఇద్దరి కార్డులూ వెతకనక్కర్లేదు, ఆ నాలుగు గడుల్లో ఏ ఒక్కటి దొరికినా చాలు.

7. అంకెలన్నీ స్పష్టంగా ఉన్నా తేడా వస్తే

L లో సున్నా ఉండి, K లో సున్నా కానిది ఏదైనా ఉంటే, ఆ తేడా ఎంతో చూడండి, అదే చాలా చెబుతుంది.

రోల్ నంబర్ 22లో తేడా 9 వచ్చింది. తేడా 9తో భాగించబడితే మొదట అనుమానించాల్సింది రెండు అంకెలు తారుమారై కొట్టడం. 41, 34, 27, 38, 30 అని కొట్టారు, 170 వచ్చింది, రిజిస్టర్‌లో 179. చూస్తే ఇంగ్లీష్ 43, టైప్ అయింది 34. ఇది మన టైపింగ్ తప్పు కాబట్టి రెండు షీట్లలోనూ దిద్దాలి.

రోల్ నంబర్ 9లో తేడా −10. 36, 31, 28, 34, 32 కూడితే 161, రిజిస్టర్‌లో 151. సరిగ్గా పది తేడా అంటే రెండు దారులున్నాయి: పాత టీచర్ కూడేటప్పుడు చేతికి వచ్చినదాన్ని ఒకటి తక్కువ కలిపి ఉండాలి, లేదా మనం ఏదో ఒక మార్కులో పదుల అంకె తప్పు చదివి ఉండాలి. ఏదో తేల్చేది నిలువు మొత్తాలే. సోషల్ నిలువు మొత్తం ఉన్న మూల చిరిగిపోయింది గానీ మిగతా నాలుగు సబ్జెక్టుల నిలువు మొత్తాలూ సరిపోయాయి, సోషల్ 32 స్పష్టంగానే ఉంది, కాబట్టి మార్కులు సరైనవే, తప్పు పాత కూడికలో ఉంది. అయినా I కాలమ్‌లో 151ని మార్చకూడదు. J లో 161 ఎలాగూ ఉంది, నోట్‌లో 'రిజిస్టర్ కూడికలో పది తగ్గింది' అని రాస్తే సరిపోతుంది. ఆ పిల్లవాడికి అప్పట్లో ఇచ్చిన కాగితాల్లో 151 అనే ఉండొచ్చు, రేపు ఎవరైనా పోల్చి చూస్తే ఈ నోటే సమాధానం.

8. మొత్తాలు పట్టుకోలేని తప్పులు

K కాలమ్ అంతా సున్నాలు వచ్చాయని పని అయిపోయినట్టు కాదు. టైప్ చేస్తూ చేస్తూ ఒక పేరు దాటేసి, కింది పిల్లవాడి మార్కులు పై పిల్లవాడికి వేస్తే, మొత్తంతో సహా వరుసంతా జరిగిపోతుంది కాబట్టి అడ్డంగా తేడా రాదు, దాటేసిన పేరుకి అన్నీ `AB` అయితే నిలువుగానూ రాదు. ఇది ఎక్కువగా `AB` ఉన్న పేరు దగ్గర జరుగుతుంది. దీనికి సూత్రం లేదు, ప్రతి ఐదో పేరు దగ్గరా ఆగి రోల్ నంబరు, పేరు, చివరి మొత్తం మూడూ రిజిస్టర్‌తో కలిపి చూడటమే. ఒకే పిల్లవాడి రెండు సబ్జెక్టులు అటూ ఇటూ అయితే మాత్రం నిలువు మొత్తాలు చెబుతాయి: ఒక కాలమ్‌లో ఎంత పెరిగిందో ఇంకో కాలమ్‌లో సరిగ్గా అంతే తగ్గుతుంది.

చివరి తనిఖీ ఇద్దరు చేయాలి, ఒకరు చదవడం, ఒకరు స్క్రీన్ మీద చూడటం. చదివేవాళ్లు 'నూట అరవై' అనకుండా 'ఒకటి, ఆరు, సున్నా' అని అంకెలుగా చదవాలి. ఫ్యాన్ చప్పుడులో నూట ఇరవైకీ నూట అరవైకీ తేడా వినిపించదు.

9. తేలనివి

ఇన్ని చేసినా ఆ పేజీలో ఒక గడి తేలలేదు. ఆ పిల్లవాడి సోషల్ `1?`, వరుస మొత్తం కూడా మరకలోనే పోయింది, సోషల్ నిలువు మొత్తం ఉన్న మూల చిరిగిపోయింది. 11 అయితే ఫెయిలు, 19 అయితే పాసు. ఇలాంటి చోట పిల్లవాడి మంచి కోరి పెద్దది వేసేయాలనిపించడం సహజం, ముఖ్యంగా ఆ పిల్లవాడు మనకి తెలిసినవాడైతే. కానీ టైప్ చేసేవాళ్లకి ఆ అధికారం లేదు, మార్కు వేయడం వేరు, ఉన్న మార్కుని ఎక్కించడం వేరు. `1?` ని రెండు షీట్లలోనూ అలాగే ఉంచి, ఏమేం చూశారో, ఎందుకు తేలలేదో నోట్‌లో రాసి, ఆ గడి ఫోటో ఫైలు పేరు పక్కన పెట్టి, హెడ్మాస్టర్‌కి విడిగా చూపించారు. సర్టిఫికెట్ అడిగినప్పుడు ఏం చేయాలన్నది ఆయన రాతపూర్వకంగా నిర్ణయించాల్సిన విషయం.

సగటులు తీసేటప్పుడు ఆ గడి దానంతట అదే పక్కకి పోతుంది, AVERAGE కూడా అక్షరాల్ని లెక్కలోకి తీసుకోదు. సగటు కింద మాత్రం '31 మందికి' అని రాయండి.